బాలింత కాలు వాచిందా? కాపడం పెట్టే ముందు ఆగండి

నారాయణఖేడ్‌లో నా ప్రాక్టీసు మొదలుపెట్టి చాలా ఏళ్ళయింది. ఈ ఊరి సంగతి తెలియని వారి కోసం ఒక మాట చెబుతాను. ఇది సంగారెడ్డి జిల్లాలో, కర్ణాటక సరిహద్దు దగ్గర ఉన్న చిన్న పట్టణం. చుట్టూ పల్లెలు, తండాలు ఉంటాయి. తెలుగు, కన్నడం, మరాఠీ, ఉర్దూ, లంబాడీ మాటలు మా వెయిటింగు గదిలో ఒకేసారి వినిపిస్తాయి. పెద్ద జబ్బు వస్తే బీదరుకో, సంగారెడ్డికో, హైదరాబాదుకో వెళ్ళాలి. అందుకే ఏ రోగిని వెంటనే పంపాలో, ఎవరిని ఇక్కడే చూసుకోవచ్చో తేల్చడమే మావంటి వారి పనిలో సగం. ఆ తేల్చడంలో నేను ఒకసారి పొరబడ్డాను. రెండోసారి పొరబడలేదు. ఆ రెండు సార్లూ ఒకే కుటుంబంలో జరిగాయి.

2022లో ఒక సాయంత్రం ఇరవై ఆరేళ్ళ అమ్మాయిని ఆటోలో తీసుకొచ్చారు. ఆపరేషను కాన్పయి తొమ్మిది రోజులైంది. పసిబిడ్డ మేనత్త చేతిలో ఉంది. అత్తగారు ముందుకొచ్చి చెప్పింది:

"సారూ, మూడు దినాల సంది కోడలు ఎడమ కాలు ఉబ్బుతున్నది. నూనె రాసి తోమినం, బట్ట కాపి ఒత్తినం. తగ్గలే. నరం పట్టిందేమో అనుకున్నం."

కాలు చూశాను. తొడ దగ్గర నుంచి మడమ దాకా వాపు ఉంది. ముట్టుకుంటే వెచ్చగా ఉంది. చర్మం కొంచెం నీలి ఛాయకు తిరిగింది. దర్జీల టేపు తీసి, రెండు కాళ్ళకూ మోకాలి ఎముక గుబ్బ కింద పది సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి పిక్క చుట్టుకొలత తీశాను. కుడి పిక్క 33 సెంటీమీటర్లు, ఎడమ పిక్క 38 సెంటీమీటర్లు ఉన్నాయి. రెండు పిక్కల మధ్య మూడు సెంటీమీటర్లకు మించి తేడా ఉంటే తేలిగ్గా తీసుకోకూడదని మాకు నేర్పిన లెక్క. నాడి నిమిషానికి 104 సార్లు కొట్టుకుంటోంది.

"కాలు ఇంక ఎవరూ తోమకండి" అన్నాను. అప్పుడు ఆ అమ్మాయి నెమ్మదిగా ఒక మాట అంది.

"మా అవ్వకు గూడ గిట్లనే ఎడమ కాలు వాచిందట సారూ. చెల్లె పుట్టినప్పుడు. పదకొండో దినం బాత్రూంకు పోదామని లేచి పడిపోయిందట. మల్ల లేవలే."

నా చేతిలో టేపు అలాగే ఉండిపోయింది. నాకు ఆ ఇల్లు గుర్తొచ్చింది. 1999లో ఆ తల్లిని చూడడానికి వెళ్ళింది నేనే. కాలు వాచిందని పిలిస్తే వెళ్ళి, బాలింతలకు వాపులు మామూలేనని నొప్పి బిళ్ళలు రాసిచ్చి వచ్చాను. నాలుగు రోజుల తర్వాత మళ్ళీ పిలిస్తే వెళ్ళేసరికి అంతా అయిపోయింది. "గుండె ఆగిపోయింది" అని చెప్పాను. గుండె ఎందుకు ఆగిందో నన్ను ఎవరూ అడగలేదు, నేనూ అడుక్కోలేదు.

ఆ రాత్రే కూతురిని హైదరాబాదు పంపాను. ఈ వ్యాసంలో చెప్పబోయేది ఆ తల్లికీ కూతురికీ ఏమైంది, మీ ఇంట్లో అలాంటిది కనబడితే ఎలా గుర్తుపట్టాలి అనే విషయం.

పాలు ఎప్పుడు పేరుకుంటాయి?

రక్తం గడ్డకట్టడాన్ని మనవాళ్ళు "పేరుకోవడం" అంటారు. నేతికీ పెరుగుకూ కూడా ఇదే మాట వాడతాం. కనుక మీకు బాగా తెలిసిన పెరుగుతోనే మొదలుపెడతాను.

పాలు తోడు పెట్టిన గిన్నెను అటూ ఇటూ కదిపితే పెరుగు సరిగ్గా పేరుకోదని మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పే ఉంటారు. కదలకుండా ఒక మూల పెట్టాలి. రెండో సంగతి, గిన్నె సరిగ్గా తోమకపోతే, అడుగున పాత పెరుగు అంటుకుని ఉంటే, తోడు వేయకపోయినా పాలు విరుగుతాయి. మూడో సంగతి, తోడు మోతాదు మించితే పెరుగు తొందరగా, గట్టిగా పేరుకుంటుంది. నిలకడ, గిన్నె, తోడు అనే మూడింటిని గుర్తుంచుకోండి.

రక్తం పేరుకోవడం వేరే విధంగా జరుగుతుంది. పాలను సూక్ష్మజీవులు మారుస్తాయి. రక్తంలో ఆ పని కొన్ని ప్రోటీన్లు చేస్తాయి. కానీ కారణాల లెక్క మాత్రం ఆశ్చర్యంగా అదే మూడు. సిరలో రక్తం నిలిచిపోవడం, సిర లోపలి గోడ దెబ్బతినడం, రక్తంలోనే పేరుకునే గుణం పెరగడం. డాక్టర్లు దీన్ని "వర్కోవ్ త్రయం" అంటారు.

రుడాల్ఫ్ వర్కోవ్ జర్మన్ వైద్యుడు. ఆయన కాలంలో ఊపిరితిత్తుల రక్తనాళాల్లో కనిపించే గడ్డలు అక్కడే పుడతాయని చాలామంది అనుకునేవారు. ఆయన శవపరీక్షలు చేసి, ఆ గడ్డలు కాళ్ళ సిరల్లో పుట్టి, తెగి, రక్తంతో పాటు కొట్టుకుపోయి ఊపిరితిత్తుల్లో ఇరుక్కుంటాయని చూపించాడు. 1856లో అచ్చయిన తన రచనల్లో దీన్ని వివరించాడు. థ్రాంబోసిస్, ఎంబోలిజం అనే మాటలు ఆయన పెట్టినవే. ఈ మూడు కారణాలకు "త్రయం" అనే పేరు మాత్రం ఆయన పోయిన తర్వాత ఇతరులు ఇచ్చారు.

నా మొదటి రోగి, అంటే ఆ తల్లి, పదకొండో రోజు లేచి నిలబడగానే పడిపోవడానికి అర్థం ఇదే అయి ఉండాలి. కాలి సిరలోని గడ్డ నడక కదలికకు తెగి ఊపిరితిత్తుల దారి మూసేసి ఉండాలి. శవపరీక్ష జరగలేదు కనుక రుజువు నా దగ్గర లేదు. కానీ కాలు వాపు, కాన్పయిన రోజుల లెక్క, హఠాత్తుగా పోవడం, తర్వాత కూతుళ్ళలో బయటపడిన సంగతి, ఇవన్నీ కలిపి చూస్తే నాకు వేరే కారణం తోచదు.

బాలింతలో మూడూ కలుస్తాయి

ఇప్పుడు ఆ మూడు కారణాలనూ ఆ అమ్మాయి శరీరంలో వెతుకుదాం.

మొదటిది నిలకడ. గుండె నుంచి కిందికి వెళ్ళే రక్తాన్ని గుండె తోస్తుంది. కాళ్ళ నుంచి పైకి రావలసిన రక్తాన్ని ఎవరు తోస్తారు? మన పిక్కల కండరాలే తోస్తాయి. నడిచినప్పుడల్లా పిక్క బిగుసుకుని సిరను పిండుతుంది. సిరలో ఉన్న చిన్న కవాటాలు రక్తం మళ్ళీ కిందికి జారకుండా ఆపుతాయి. మనిషి కదలకుండా పడుకుంటే ఈ పంపు ఆగుతుంది. కవాటాల వెనుక ఉన్న చిన్న సంచుల్లో రక్తం సుడి తిరుగుతూ నిలిచిపోతుంది. గడ్డ మొదట అంకురించేది చాలాసార్లు అక్కడే. గర్భంతో ఉన్నప్పుడు పెరిగిన గర్భాశయం పొత్తికడుపులోని సిరలను నొక్కుతుంది. అందులోనూ ఎడమ కాలి నుంచి వచ్చే పెద్ద సిర మీదుగా కుడి కాలికి వెళ్ళే ధమని అడ్డంగా పోతుంది. అందుకే గర్భిణులకు, బాలింతలకు గడ్డ కడితే ఎక్కువగా ఎడమ కాలికే కడుతుంది. తల్లికీ కూతురికీ ఇద్దరికీ ఎడమ కాలే వాచడం ఊరికే జరిగింది కాదు.

దీనికి మన ఆచారాలు కొన్ని తోడవుతాయి. బాలింత మంచం దిగకూడదంటారు. నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట పెరుగుతుందని గ్లాసులు లెక్కపెట్టి ఇస్తారు. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. ఈ అమ్మాయికి తొమ్మిది రోజులుగా రోజుకు రెండు చెంబులకు మించి నీళ్ళు ఇవ్వలేదని తర్వాత తెలిసింది.

రెండోది గిన్నె, అంటే సిర గోడ. ఆరోగ్యంగా ఉన్న సిర లోపలి పొర నున్నగా ఉండడమే కాదు, రక్తం పేరుకోకుండా కొన్ని పదార్థాలను అదే తయారు చేస్తుంది. కాన్పులో, అంతకంటే ఎక్కువగా ఆపరేషనులో, పొత్తికడుపులోని సిరలు నలుగుతాయి, ఒరుసుకుంటాయి. చీము పట్టినా ఈ పొర పాడవుతుంది. పొర లేచిన చోట రక్తానికి "ఇక్కడ గాయముంది, పూడ్చు" అని కబురు అందుతుంది.

మూడోది తోడు. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా ప్రకృతి ముందే ఏర్పాటు చేసింది. గర్భిణి రక్తంలో గడ్డకట్టించే ప్రోటీన్లు పెరుగుతాయి. వాటికి కళ్ళెం వేసే ప్రోటీన్లలో ఒకటి, దాని పేరు ప్రోటీన్ ఎస్, తగ్గుతుంది. ఇది తల్లి ప్రాణం కాపాడే ఏర్పాటే. కానీ కాన్పయిన వెంటనే ఇది సర్దుకోదు. సుమారు ఆరు వారాలు పడుతుంది. కాన్పు తర్వాతి ఆ ఆరు వారాలే గడ్డల విషయంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన కాలం.

అయితే మీరు అడగవచ్చు: "లక్షల మంది ఆడవాళ్ళు ఆపరేషను చేయించుకుని మంచం మీద పడుకుంటున్నారు కదా, అందరికీ కాళ్ళు వాచడం లేదే?" న్యాయమైన ప్రశ్న. దానికి జవాబే థ్రాంబోఫిలియా. అంటే పుట్టుకతోనో, తర్వాతనో, కొందరి రక్తంలో తోడు మోతాదు మించి ఉండడం.

కత్తెర, దాన్ని పట్టుకునే చేయి

రక్తం పేరుకోవడమంటే చివరికి ఫైబ్రిన్ అనే నారపోగుల వల అల్లుకోవడం. ఈ అల్లికకు హద్దు ఉండాలి. వేలు తెగితే వేలి దగ్గరే ఆగాలి కాని చేయంతా గడ్డకట్టకూడదు. అందుకని రక్తంలో కొన్ని కాపలా ప్రోటీన్లున్నాయి. యాంటీథ్రాంబిన్ ఒకటి. ప్రోటీన్ సి ఇంకొకటి. ప్రోటీన్ సి కత్తెరలాంటిది. అల్లికను నడిపించే ముఖ్యమైన రెండు ప్రోటీన్లను అది కత్తిరించి ఆపుతుంది. ఆ కత్తెరను సరైన చోట నిలిపి పట్టుకునే చేయి ప్రోటీన్ ఎస్.

కొన్ని కుటుంబాల్లో ఈ మూడింటిలో ఒకటి పుట్టుకతోనే సగం ఉంటుంది. మనకు ప్రతి జన్యువూ తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తుంది. ఒకటి చెడినదైతే ప్రోటీన్ సగమే తయారవుతుంది. అలాంటి వారి పిల్లల్లో ఒక్కొక్కరికీ అది రావడానికి సగం అవకాశం ఉంటుంది. ఆడపిల్ల, మగపిల్లవాడు అనే తేడా లేదు. యాంటీథ్రాంబిన్ లోపాన్ని మొదటిసారి 1965లో నార్వేలో ఒక కుటుంబంలో కనుక్కున్నారు. ప్రోటీన్ సి, ఎస్ లోపాలు 1980ల్లో బయటపడ్డాయి. 1994లో నెదర్లాండ్సులోని లైడెన్ నగరంలో ఇంకొక రకం కనుక్కున్నారు. అందులో కత్తెర బాగానే ఉంటుంది కాని, కత్తిరించవలసిన ప్రోటీనే తెగని రకంగా పుడుతుంది. దీన్ని ఫ్యాక్టర్ ఫైవ్ లైడెన్ అంటారు. యూరపు జాతుల్లో ఇది మామూలు. మన తెలుగువాళ్ళలో అరుదు. కాబట్టి ఆ ఒక్క పరీక్ష బాగుందని నిశ్చింతగా ఉండడానికి లేదు.

ఒక సంగతి మరిచిపోకండి. లోపం ఉన్నవారందరికీ గడ్డలు కట్టవు. చాలామందికి జీవితమంతా ఏమీ కాదు. లోపం ఒక్కటే సాధారణంగా చాలదు. దానికి నిలకడో, గాయమో, కాన్పో, ఆపరేషనో, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలో కలవాలి. వర్కోవ్ త్రయంలో ఒక కాలు పుట్టుకతో వచ్చింది, మిగతా రెండు కాళ్ళు ఎప్పుడు వచ్చి చేరతాయో అప్పుడు ముక్కాలిపీట నిలబడుతుంది.

ఇక తర్వాత వచ్చేవి. వీటిలో ముఖ్యమైనది, శరీరం తన రక్షణ కోసం తయారు చేసుకోవలసిన ప్రతిదేహాలు తప్పుదారి పట్టి గడ్డలు కట్టించడం. దీన్ని యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బు అంటారు. ఇది ఉన్న స్త్రీకి గర్భం మళ్ళీ మళ్ళీ పోవచ్చు. పిండానికి రక్తం అందించే మాయలో ఇబ్బంది రావడమే కారణం. "గొడ్రాలు" అనో "దోషం" అనో పేరు పెట్టి ఇంటి నుంచి గెంటబడిన వారిలో ఈ జబ్బున్న వారు కూడా ఉంటారని గుర్తుపెట్టుకోండి. పరీక్షలో ఒకసారి ఈ ప్రతిదేహాలు కనిపిస్తే చాలదు. జ్వరాల్లో కూడా తాత్కాలికంగా కనిపిస్తాయి. పన్నెండు వారాలాగి మళ్ళీ చేసినప్పుడు కూడా ఉంటేనే లెక్కకు వస్తుంది.

ఇది ఆడవారి జబ్బు అనుకోకండి. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థ, మనం నిమ్స్ అనే ఆసుపత్రి డాక్టర్లు, మెదడులోని సిరల్లో గడ్డ కట్టిన 428 మంది రోగుల వివరాలు 2012లో ప్రకటించారు. వారిలో సగానికి పైగా మగవారే. రక్తహీనత, రక్తంలో హోమోసిస్టీన్ ఎక్కువ ఉండడం, మద్యపానం తరచుగా కనిపించాయి. హోమోసిస్టీన్ పెరగడానికి మనవారిలో ఒక పెద్ద కారణం బి12 విటమిను తక్కువ కావడం. మాంసం, పాలు తగినంత తీసుకోని వారిలో ఇది తగ్గుతుంది. లోపం ఉంటే విటమిను వేసుకోవలసిందే. అయితే గడ్డకు వాడే మందుకు బదులు విటమిను సరిపోతుందని మాత్రం అనుకోకండి.

చికిత్స ఎలా జరిగింది?

హైదరాబాదులో ఆ అమ్మాయికి డాప్లర్ పరీక్ష చేశారు. ఇది కడుపు స్కానింగు వంటిదే, నొప్పి ఉండదు. పరికరంతో సిరను పైనుంచి నొక్కి చూస్తారు. మామూలు సిర నొక్కగానే చప్పబడుతుంది. గడ్డ ఉన్న సిర నొక్కినా చప్పబడదు. ఆమెకు తొడ నుంచి పొత్తికడుపు దాకా సిర నిండా గడ్డ ఉంది. ఊపిరితిత్తులకు ఇంకా చేరలేదు. కాలును ఇంకో నాలుగు రోజులు తోమి ఉంటే ఏమయ్యేదో నేను చెప్పనక్కరలేదు.

వెంటనే హెపారిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పొట్ట చర్మం కింద పన్నెండు గంటలకొకటి, బరువును బట్టి మోతాదు. రెండో రోజు నుంచి వార్ఫరిన్ బిళ్ళలు కూడా ఇచ్చారు. "బిళ్ళ ఇస్తున్నారు కదా, సూది ఎందుకు?" అని భర్త ఫోనులో నన్ను అడిగాడు. మీకూ ఆ అనుమానం రావచ్చు. వార్ఫరిన్ పని పూర్తిగా అందుకోవడానికి అయిదారు రోజులు పడుతుంది. అంతేకాదు, మొదటి రోజుల్లో అది గడ్డకట్టించే ప్రోటీన్ల కంటే ముందు మన కత్తెరను, ప్రోటీన్ సిని తగ్గిస్తుంది. అంటే ఆ నాలుగు రోజులు గడ్డకట్టే గుణం తగ్గకపోగా కొంచెం పెరుగుతుంది. పుట్టుకతో లోపం ఉన్నవారికి చర్మం నల్లబడి కుళ్ళిన సందర్భాలు కూడా ఉన్నాయి. అందుకే కనీసం అయిదు రోజులు, ఐ.ఎన్.ఆర్. అనే పరీక్ష అంకె రెండు దాటి నిలిచేదాకా, సూది ఆపకూడదు.

ఈ మందులు గడ్డను కరిగించవు. కొత్త గడ్డ చేరకుండా ఆపుతాయి. పాతదాన్ని శరీరమే నెమ్మదిగా అరిగించుకుంటుంది. బిడ్డకు పాలివ్వవచ్చా అని అత్తగారు భయపడింది. హెపారిన్, వార్ఫరిన్ రెండూ వాడుతూ తల్లి పాలివ్వవచ్చు. ఈమధ్య వచ్చిన కొత్త బిళ్ళలు పాలిచ్చే తల్లులకు ఇవ్వరు. యాంటీఫాస్ఫోలిపిడ్ జబ్బులోనూ వాటిని సాధారణంగా వాడరు.

ఆరు నెలలు వార్ఫరిన్ వాడింది. అంకె రెండు, మూడు మధ్య ఉండాలి. రెండుకు తగ్గితే గడ్డ భయం, మూడు దాటిన కొద్దీ రక్తస్రావం భయం. ఆకుకూరలు పూర్తిగా మానేయమని ఎవరో చెప్పారట. అది తప్పు. పాలకూర, గోంగూరలలో ఉండే కె విటమిను ఈ మందు బలాన్ని తగ్గిస్తుంది, నిజమే. కానీ ఒక వారం మానేసి ఇంకొక వారం రోజూ తింటేనే అంకె తారుమారవుతుంది. ప్రతి వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే మందు మోతాదు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది. నొప్పి బిళ్ళలు మాత్రం సొంతంగా వేసుకోకూడదు.

తొందరపడి చేయించే పరీక్ష

ఆసుపత్రిలో చేరిన రెండో రోజే ఆమె రక్తం తీసి థ్రాంబోఫిలియా ప్యాకేజీ పేరిట అన్ని పరీక్షలూ చేయించారు. ప్రోటీన్ ఎస్ తక్కువ అని వచ్చింది. ఆ కాగితం చూసి ఇంట్లో ఏడుపులు. నేను దాన్ని మడిచి పక్కన పెట్టమన్నాను. ఎందుకంటే బాలింతలో ప్రోటీన్ ఎస్ మామూలుగానే తక్కువ. గడ్డ కడుతున్నప్పుడు ఈ ప్రోటీన్లు ఖర్చవుతాయి. హెపారిన్ వల్ల యాంటీథ్రాంబిన్ తగ్గి కనిపిస్తుంది. వార్ఫరిన్ వల్ల ప్రోటీన్ సి, ఎస్ రెండూ తగ్గుతాయి. అప్పుడు చేసిన పరీక్ష వరదలో బావి లోతు కొలిచినట్టే. దాని ఫలితం మీద వేలకు వేలు ఖర్చు పెట్టడం, జీవితాంతం భయపడడం రెండూ అనవసరం. పైగా మొదటి నెలల చికిత్స ఈ ఫలితంతో మారదు.

ఆరు నెలల తర్వాత స్పెషలిస్టు మందు ఆపించి, నాలుగు వారాలాగి మళ్ళీ పరీక్ష చేయించారు. ప్రోటీన్ ఎస్ 28 శాతం ఉంది. ఆ లేబరేటరీ లెక్కన ఆడవారికి 55 శాతానికి పైన ఉండాలి. మరికొన్ని వారాలకు మళ్ళీ చేస్తే 30 శాతం. ఇప్పుడు నమ్మవచ్చు. ఇది పుట్టుకతో వచ్చిన లోపం.

ఆమె గడ్డ కాన్పు వల్ల రేగింది కనుక రోజూ మందు వద్దని, కాని మళ్ళీ గర్భం వస్తే నెల తప్పిన వెంటనే రావాలని, కాన్పు దాకా, ఆ తర్వాత ఆరు వారాల దాకా హెపారిన్ తీసుకోవాలని తేల్చారు. గర్భిణికి వార్ఫరిన్ ఇవ్వరు. మొదటి నెలల్లో పిండానికి అవకరం తెస్తుంది. హెపారిన్ మాయ దాటి బిడ్డకు చేరదు.

చెల్లెలి పెళ్ళి

అసలు చిక్కు అప్పుడు వచ్చింది. అన్నకూ చెల్లెలికీ పరీక్ష చేయించాలా? చెల్లెలికి సంబంధం కుదిరి ఉంది. తండ్రి ఒంటరిగా నా దగ్గరకొచ్చి అడిగాడు.

"సారూ, పరీచ్చ చేపిస్తే ఊర్లె తెలుస్తది. పెండ్లి చెడుతది. చేపియ్యకుంటే ఏమైతది?"

ఆయన భార్య పోయిన రోజు ఆ ఇంటి గుమ్మంలో ఆయన కూర్చున్న తీరు నాకు ఇంకా కళ్ళకు కట్టినట్టుంది. నేను ఆయనతో చెప్పిందే మీకూ చెబుతున్నాను. ఇది అంటుకునేది కాదు. పిల్లలు పుట్టకుండా చేసేది కాదు. ఏ పనికీ అడ్డు కాదు. ఇరవై మూడేళ్ళ పిల్లకు ఇప్పటిదాకా ఏమీ కాలేదు కనుక రోజువారీ మందు కూడా అక్కరలేదు. పరీక్ష వల్ల తెలిసేది రెండే సంగతులు: ఏ గర్భనిరోధక మాత్రలు వాడకూడదు, కాన్పయ్యాక ఏ ఇంజెక్షను తీసుకోవాలి. "ఆ రెండు మాటలు 1999లో నాకు తెలిసి ఉంటే నీ ఇల్లు ఇలా ఉండేది కాదు" అన్నాను. ఆ మాట అనడానికి నాకు ఇరవై మూడేళ్ళు పట్టింది. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మీరన్నా తెల్సుకుని చెప్పిన్రు" అని లేచాడు.

అన్నకు మామూలుగానే ఉంది. చెల్లెలికి అక్క లాగే తక్కువ ఉంది. అబ్బాయి తరఫు వారిని నా దగ్గరికే రమ్మని, దాచకుండా చెప్పాను. కాబోయే అత్తగారు అంతా విని ఒకే ప్రశ్న అడిగింది: "సూది ఎన్ని దినాలు?" "ఆరు వారాలమ్మా" అన్నాను. "గంతేనా" అంది.

మీరు గుర్తుంచుకోవలసినది

ఒక కాలు మాత్రమే వాచి, నొప్పి, వెచ్చదనం ఉంటే ఆ కాలును తోమకండి, ఒత్తకండి, కాపకండి. అదే రోజు డాక్టరుకు చూపించండి. ముఖ్యంగా కాన్పయిన ఆరు వారాల లోపు, ఆపరేషను తర్వాత, కట్టు కట్టిన కాలుతో, ఎక్కువ రోజులు మంచం మీద ఉన్నప్పుడు. హఠాత్తుగా ఆయాసం, ఊపిరి పీలిస్తే ఛాతీలో పోటు, దగ్గులో రక్తం, కళ్ళు తిరిగి పడడం, వీటిలో ఏది వచ్చినా అది అర్ధరాత్రి అయినా ఆగకండి. బాలింతకు తగ్గని తలనొప్పితో వాంతులు, ఫిట్సు, చేయి కాలు పట్టు తప్పడం ఉంటే అది "బాలింత వాతం" కాదు, గాలి ధూళీ కాదు. మెదడు సిరలో గడ్డ కావచ్చు. బాలింతకు దాహమైనంత నీళ్ళు ఇవ్వండి. కాన్పు ఆపరేషనైనా సరే, డాక్టరు ఒప్పుకున్న మొదటి రోజే లేపి నాలుగడుగులు నడిపించండి.

మీ తల్లికో, అన్నకో, మేనమామకో యాభై ఏళ్ళ లోపు ఇలాంటి గడ్డ కట్టి ఉంటే, కాన్పుకో ఆపరేషనుకో వెళ్ళే ముందు, మాత్రలు మొదలుపెట్టే ముందు ఆ సంగతి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఖరీదైన పరీక్షల కన్నా ఆ ఒక్క మాట ఎక్కువ పనికొస్తుంది. కుటుంబంలో ఎవరికీ లేనప్పుడు ఊరికే అనుమానంతో ఈ పరీక్షలు చేయించుకోకండి.

చెల్లెలికి 2024లో ఆడపిల్ల పుట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చాక రోజూ ఉదయం తనే పొట్టకు హెపారిన్ సూది వేసుకుంది. పదకొండో రోజు మధ్యాహ్నం ఫోను మోగింది. అవతల తండ్రి.

"సారూ, ఏం లేదు. పిల్ల లేచి వాకిట్ల తిరుగుతున్నది. ఊకెనే చేసిన" అన్నాడు.

ఎందుకు చేశాడో నాకు తెలుసు.